ఫార్మకాలజీ లెక్చర్‌ను డ్రగ్ క్లాస్ కార్డుగా మార్చడం: ఏసీఈ ఇన్‌హిబిటర్లతో పూర్తి నమూనా

తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో రెండో సంవత్సరం ఎం.బి.బి.ఎస్., బి.ఫార్మసీ, ఫార్మ్-డి, నర్సింగ్ చదువుతున్న వారి నుంచి పదే పదే వచ్చే ప్రశ్న ఇది: గంటసేపు లెక్చర్ విన్న తరువాత ఐదారు పేజీల నోట్సు మిగులుతుంది, దానిని ఇంటర్నల్స్ ముందు రోజు పది నిమిషాల్లో తిరగేయగలిగే కార్డుగా ఎలా మార్చుకోవాలి?

చాలామంది కార్డు అంటే నాలుగు గడులు గీసి, మెకానిజం, ఉపయోగాలు, దుష్ప్రభావాలు, ఇంటరాక్షన్లు అని పేర్లు పెట్టి, ఒక్కో గడిలో ఒక్కో జాబితా నింపుతారు. నాలుగు జాబితాలు నాలుగు చోట్ల ఉంటే నాలుగింటినీ విడివిడిగా బట్టీ పట్టవలసి వస్తుంది. మెకానిజం నుంచి బాణాలు గీసి, మిగతా మూడింటిని ఆ బాణాలకు కట్టితే, గుర్తు పెట్టుకోవలసింది మెకానిజం ఒక్కటే అవుతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ పద్ధతి మీదే నడుస్తుంది. నమూనాగా రక్తపోటు లెక్చర్‌లో తప్పక వచ్చే ఏసీఈ ఇన్‌హిబిటర్లను తీసుకుందాం.

1. లెక్చర్‌కు ముందు సిద్ధం చేసుకోవలసినవి

మందు ఏ వ్యవస్థ మీద పని చేస్తుందో ఆ ఫిజియాలజీని క్లాసుకు ముందే ఒకసారి చూసుకోవాలి. ఏసీఈ ఇన్‌హిబిటర్ల విషయంలో అది రెనిన్–యాంజియోటెన్సిన్ వ్యవస్థ. మొదటి సంవత్సరం నోట్సులో ఒక పేజీ చదివితే సరిపోతుంది. మందుల అధ్యాయాన్ని ముందుగా చదవనవసరం లేదు.

కార్డుకు ఏ4 కాగితాన్ని నాలుగు సమాన భాగాలుగా కత్తిరిస్తే వచ్చే ముక్క సరైన కొలత. అంతకంటే పెద్దదైతే అది మళ్ళీ నోట్సే అవుతుంది. చార్ట్ కాగితం దొరికితే మంచిది, ఎందుకంటే పలుచని కాగితం మీద వెనుక వైపు రాత ముందుకు కనిపించి, తనను తాను పరీక్షించుకోవడం సాధ్యపడదు.

క్లాసుకు వెళ్ళే ముందు చూసుకోవలసినవి:

- ఫిజియాలజీ గొలుసును పుస్తకం చూడకుండా ఒకసారి గీయగలరా?
- నోట్సు పుస్తకంలో ఎడమ వైపు రెండు వేళ్ళ వెడల్పు మార్జిన్ వదిలారా?
- నీలం, ఎరుపు రెండు పెన్నులు ఉన్నాయా? ఐదు రంగుల హైలైటర్లు అక్కరలేదు. రంగులు ఎక్కువైతే చేయి రంగు వెతకడంలో పడి, చెవి పాఠాన్ని వదిలేస్తుంది.

2. క్లాసులో ఎలా రాసుకోవాలి

క్లాసులోనే కార్డు రాయడానికి ప్రయత్నించకండి. లెక్చర్ సాగే వరుస వేరు, కార్డు వరుస వేరు. అధ్యాపకులు దుష్ప్రభావం చెబుతూ మధ్యలో ఒక రోగి విషయం చెప్పి, అక్కడి నుంచి ఇంటరాక్షన్‌కు వెళ్ళి, చివర్లో మెకానిజంలో మిగిలిన ముక్కను కలుపుతారు. విన్నది విన్నట్టు రాసుకుంటూ, మార్జిన్‌లో మాత్రం ఆ వాక్యం దేనికి చెందుతుందో ఒక్క అక్షరం వేయాలి: మెకానిజానికి మె, ఉపయోగానికి ఉ, దుష్ప్రభావానికి దు, ఇంటరాక్షన్‌కు ఇం, మందుల మధ్య తేడాకు తే.

మన వైపు క్లాసుల్లో పాఠం ఇంగ్లీషులో నడుస్తుంది, కారణం చెప్పవలసి వచ్చినప్పుడు అధ్యాపకులు చాలాసార్లు తెలుగులోకి దిగుతారు. స్లైడు మీద లేనిదీ, కార్డుకు అసలు కావలసినదీ ఆ తెలుగు వాక్యమే. దానిని ఇంగ్లీషులోకి మార్చే ప్రయత్నంలో పోగొట్టుకోకుండా, విన్న మాటల్లోనే ఎర్ర పెన్నుతో రాసుకోండి. స్లైడులోని జాబితా తరువాత ఎక్కడైనా దొరుకుతుంది. కారణం మాత్రం ఆ నిమిషంలోనే దొరుకుతుంది.

3. అదే రోజు సాయంత్రం నోట్సును విడగొట్టడం

ఈ పని మరుసటి రోజుకు వదలకూడదు, ఎందుకంటే సగం రాసి వదిలిన వాక్యాలు మీకు గుర్తుండేది ఆ సాయంత్రం వరకే. ఏసీఈ ఇన్‌హిబిటర్ల లెక్చర్ నోట్సు సాధారణంగా ఇలా కనిపిస్తుంది:

- కాప్టోప్రిల్: తిండికి గంట ముందు, రోజుకు రెండు మూడు సార్లు (తే)
- పొడి దగ్గు, బ్రాడీకైనిన్ వల్ల. సిరప్ తాగినా తగ్గదు (దు)
- షుగర్ ఉన్నవారి కిడ్నీకి మంచిది, మూత్రంలో ప్రోటీన్ తగ్గుతుంది (ఉ)
- క్రియాటినిన్ చూడాలి, కిడ్నీ దెబ్బతినవచ్చు (దు)
- పొటాషియం!! స్పైరనోలాక్టోన్‌తో జాగ్రత్త (దు, ఇం)
- గర్భిణులకు వద్దు (దు)
- లిసినోప్రిల్ ప్రోడ్రగ్ కాదు (తే)
- నొప్పి మాత్రలతో బి.పి. తగ్గదు (ఇం)

మూడో వాక్యాన్నీ నాలుగో వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి కిడ్నీకి మంచిదంటుంది, మరొకటి కిడ్నీ దెబ్బతింటుందంటుంది. రెండూ నిజమే. గడుల పద్ధతిలో కార్డు రాసేవారు రెండింటినీ వేర్వేరు గడుల్లో వేసి ముందుకు పోతారు, వైవాలో ‘అదెలా?’ అని అడిగితే ఆగిపోతారు. నోట్సును విడగొట్టేటప్పుడు ఇలాంటి జతలను వెతికి, పక్కన ప్రశ్న గుర్తు వేయాలి. ఈ క్లాసులో మెకానిజం అర్థమైందా లేదా అని తేల్చే చోటు అదే.

4. వెన్నెముక: మెకానిజం రాయడం

కార్డు ముందు వైపు మెకానిజానికే పూర్తిగా కేటాయించాలి. మొదట గొలుసు గీయండి. కాలేయం తయారు చేసే యాంజియోటెన్సినోజెన్‌ను కిడ్నీ విడుదల చేసే రెనిన్ యాంజియోటెన్సిన్ 1గా మారుస్తుంది. ముఖ్యంగా ఊపిరితిత్తుల రక్తనాళాల లోపలి పొరలో ఉండే ఏసీఈ ఎంజైము దానిని యాంజియోటెన్సిన్ 2గా మారుస్తుంది. మందు ఆపేది ఈ ఎంజైమునే.

చాలా కార్డులు ఇక్కడితో ఆగిపోతాయి, దానితో సగం దుష్ప్రభావాలకు కారణం దొరకదు. ఏసీఈకి రెండో పని కూడా ఉంది: బ్రాడీకైనిన్‌ను విరిచివేయడం. అందువల్ల ఎంజైమును ఆపితే రెండు సంగతులు ఒకేసారి జరుగుతాయి. కార్డు మీద వాటిని రెండు బాణాలుగా గీయాలి.

బాణం క: యాంజియోటెన్సిన్ 2 తగ్గుతుంది.
బాణం చ: బ్రాడీకైనిన్ పెరుగుతుంది.

బాణం క కింద మూడు ఫలితాలు రాయాలి. క1, రక్తనాళాలు సడలుతాయి. క2, అడ్రినల్ గ్రంథి నుంచి ఆల్డోస్టెరాన్ తగ్గుతుంది, అందువల్ల శరీరంలో ఉప్పు, నీరు నిలవడం తగ్గి, పొటాషియం నిలుస్తుంది. క3, కిడ్నీలోని గ్లోమెరులస్ నుంచి రక్తం బయటికి పోయే ఎఫరెంట్ ఆర్టీరియోల్ వెడల్పవుతుంది.

క3 దగ్గర కాస్త ఆగాలి, మూడో అడుగులో ప్రశ్న గుర్తు వేసిన జత ఇక్కడే విడుతుంది. గ్లోమెరులస్‌ను ఒక నీటి తొట్టి అనుకుంటే, నీరు వచ్చే గొట్టం అఫరెంట్, పోయే గొట్టం ఎఫరెంట్. యాంజియోటెన్సిన్ 2 పోయే గొట్టాన్ని ఎక్కువగా బిగిస్తుంది, దానితో తొట్టిలో ఒత్తిడి నిలుస్తుంది. మందు ఆ బిగింపును వదులు చేస్తే లోపలి ఒత్తిడి తగ్గుతుంది. షుగర్ వల్ల అధిక ఒత్తిడిలో ఉన్న గ్లోమెరులస్‌కు ఇది రక్షణ, ప్రోటీన్ కారడం తగ్గుతుంది. అదే ఒత్తిడి మీద ఆధారపడి వడపోత సాగిస్తున్న కిడ్నీకి, ఉదాహరణకు రెండు వైపులా రీనల్ ఆర్టరీ సన్నబడిన రోగిలో, అదే మార్పు వడపోతను కూలదోస్తుంది. మేలూ కీడూ ఒకే బాణం నుంచి వస్తున్నాయన్న మాట.

ముందు వైపు పూర్తయ్యాక సరిచూసుకోవలసినవి:

- మందు తాకే చోటు ఒక్క మాటలో ఉందా? ఇక్కడ ‘ఏసీఈ ఎంజైము’.
- తగ్గేది, పెరిగేది రెండూ ఉన్నాయా?
- ప్రతి బాణానికీ పేరు లేదా అంకె ఉందా? వెనుక వైపు అంతా ఈ పేర్లతోనే నడుస్తుంది.

5. ఉపయోగాలు

కార్డును తిప్పి, పై భాగంలో ఉపయోగాలు రాయాలి. ప్రతి ఉపయోగం పక్కన బాణం పేరు ఉండాలి: రక్తపోటు, క1, క2, ఎజెక్షన్ ఫ్రాక్షన్ తగ్గిన హార్ట్ ఫెయిల్యూర్, క1, క2, గుండెపోటు తరువాత ఎడమ వెంట్రికిల్ బలహీనపడినప్పుడు, క1, క2, మూత్రంలో ప్రోటీన్ పోతున్న డయాబెటిక్ కిడ్నీ వ్యాధి, క3. నాలుగు వరుసలు చాలు. లెక్చర్‌లో వినిపించిన ప్రతి అరుదైన ఉపయోగాన్నీ ఇక్కడికి ఎక్కించనక్కరలేదు.

6. దుష్ప్రభావాలు

దుష్ప్రభావాలను అక్షర క్రమంలోనో, స్లైడులో ఉన్న వరుసలోనో కాకుండా బాణాల కింద రాయాలి. ఒక్కో వరుసలో మూడు ముక్కలు ఉండాలి: ఏమిటి, రోగి ఏమని చెబుతాడు, ఏం చేయాలి. రెండో ముక్కను చాలామంది వదిలేస్తారు. క్లినికల్ పోస్టింగ్‌లో రోగి ‘నాకు హైపర్‌కలీమియా వచ్చింది’ అని చెప్పడు కదా.

బాణం క కిందికి వచ్చేవి:

- మొదటి మోతాదుతో బి.పి. ఎక్కువగా పడిపోవడం (క1). ‘లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి’ అంటారు. డైయూరెటిక్ వాడుతూ నీరు తగ్గి ఉన్నవారిలో ఎక్కువ. తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి.
- పొటాషియం పెరగడం (క2). రోగి ఏమీ చెప్పకపోవచ్చు, అందుకే పరీక్షతోనే పట్టుకోవాలి.
- క్రియాటినిన్ పెరగడం (క3). మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు మరోసారి క్రియాటినిన్, పొటాషియం రెండూ చూస్తారు. మొదటి విలువ కంటే 30 శాతం వరకు క్రియాటినిన్ పెరగడాన్ని సాధారణంగా అంగీకరిస్తారు. అంతకు మించితే కారణం వెతకాలి.
- గర్భంలో హాని. యాంజియోటెన్సిన్ 2 లేకపోతే పిండం కిడ్నీ సరిగా పని చేయదు, ఉమ్మనీరు తగ్గుతుంది. రెండో, మూడో త్రైమాసికాల్లో ఈ ప్రమాదం స్పష్టం. గర్భం అని తెలిసిన వెంటనే మందు మార్చాలి.

బాణం చ కిందికి వచ్చేవి:

- పొడి దగ్గు. ‘గొంతులో గరగర, రాత్రిళ్ళు ఎక్కువ, కఫం లేదు’ అంటారు. సుమారు 5 నుంచి 20 శాతం మందిలో వస్తుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మందు మొదలైన కొన్ని రోజులకే రావచ్చు, నెలల తరువాతా రావచ్చు. మోతాదు తగ్గిస్తే పోయేది కాదు. మందు ఆపితే సాధారణంగా కొన్ని వారాల్లో పోతుంది.
- యాంజియోఎడిమా. పెదవులు, నాలుక, ముఖం వాయడం. అరుదు, ఒక శాతం కంటే తక్కువే, అయినా ఊపిరి దారి మూసుకుపోతే ప్రాణాంతకం. ఇది హిస్టమిన్ వల్ల వచ్చేది కాదు కనుక అలర్జీ మందులకు సరిగా లొంగదన్న సంగతి బాణం చ చూస్తేనే అర్థమవుతుంది. ఒకసారి వచ్చినవారికి ఈ క్లాసులోని ఏ మందునూ మళ్ళీ ఇవ్వకూడదు.

ఏ బాణానికీ చెందనివి కొన్ని మిగులుతాయి. కాప్టోప్రిల్‌తో వచ్చే దద్దుర్లు, రుచి మారడం ఆ కోవలోవి. ఆ మందులో ఉన్న సల్ఫ్‌హైడ్రిల్ గుంపు వాటికి కారణమని చెబుతారు. వీటిని బలవంతంగా ఏదో బాణానికి తగిలించకుండా, కింద ఒక గీత గీసి ‘విడి’ అని రాసి, అక్కడ పెట్టండి. బట్టీ పట్టవలసినవి ఇవే, ఇవి ఎంత తక్కువో చూస్తే మీకే తెలుస్తుంది.

7. ఇంటరాక్షన్లు

ఇంటరాక్షన్ వరుసలో మూడు ప్రశ్నలకు సమాధానం ఉండాలి: ఏ మందుతో, ఏ బాణం దగ్గర కలుస్తాయి, ఫలితం ఏమిటి. ‘జాగ్రత్త’ అన్న మాట కార్డులో ఎక్కడ కనిపించినా కొట్టివేయండి. అది సమాచారం కాదు.

మొదటి జత పొటాషియం వైపుది. స్పైరనోలాక్టోన్, అమిలోరైడ్ వంటి పొటాషియం నిలిపే డైయూరెటిక్‌లు, పొటాషియం సిరప్, సోడియం తక్కువని అమ్మే ప్రత్యామ్నాయ ఉప్పు, కో-ట్రైమాక్సజోల్‌లోని ట్రైమెథోప్రిమ్, ఇవన్నీ క2 దగ్గరే కలిసి పొటాషియాన్ని ఇంకా పెంచుతాయి. హార్ట్ ఫెయిల్యూర్‌లో ఏసీఈ ఇన్‌హిబిటర్‌నూ స్పైరనోలాక్టోన్‌నూ కావాలనే కలిపి ఇస్తారు కనుక, కార్డులో ‘కలపరాదు’ అని రాయకూడదు. ‘కలిపితే పొటాషియం పరీక్ష’ అని రాయాలి. కిడ్నీ బలహీనంగా ఉండి ఈ మందు వాడేవారు ఎండాకాలంలో రోజూ కొబ్బరినీళ్ళు తాగుతున్నారా అని అడగడం మన ఊళ్ళలో వృథా ప్రశ్న కాదు, వాటిలో పొటాషియం దండిగా ఉంటుంది.

రెండో జత నొప్పి మాత్రలది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. అఫరెంట్ ఆర్టీరియోల్‌ను, అంటే రక్తం వచ్చే గొట్టాన్ని, తెరిచి ఉంచేవి ఆ ప్రోస్టాగ్లాండిన్లే. మందు పోయే గొట్టాన్ని వదులు చేసింది; నొప్పి మాత్ర వచ్చే గొట్టాన్ని బిగించింది; లోపల ఒత్తిడి రెండు వైపుల నుంచీ పడిపోయింది. దానికి తోడు డైయూరెటిక్ ఉంటే మొత్తం రక్త పరిమాణమే తగ్గుతుంది. మూడూ కలిస్తే కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంది. నొప్పి మాత్రలు ఉప్పునూ నీటినీ నిలుపుతాయి కనుక బి.పి. తగ్గే గుణమూ మందగిస్తుంది.

మిగతా వాటికి ఒక్కో వరుస చాలు. లిథియం: కిడ్నీ దానిని బయటికి పంపడం తగ్గి రక్తంలో పెరుగుతుంది. సాకుబిట్రిల్: అదీ బ్రాడీకైనిన్ విరగకుండా అడ్డుపడుతుంది, బాణం చ దగ్గర కలిసి యాంజియోఎడిమా ప్రమాదం పెంచుతుంది, ఒకటి ఆపి మరొకటి మొదలుపెట్టడానికి మధ్య 36 గంటల ఎడం ఉండాలి.

8. క్లాసులోని మందుల మధ్య తేడాలు

ఒక్కో మందుకు ఒక్కో కార్డు రాయడం కాలహరణం. క్లాసు కార్డుకు తోకగా ఒక చిన్న ముక్క చాలు, దాని మీద తేడాలు మాత్రమే ఉండాలి. కాప్టోప్రిల్, లిసినోప్రిల్ నేరుగా పని చేస్తాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్, పెరిండోప్రిల్ ప్రోడ్రగ్‌లు, ముఖ్యంగా కాలేయంలో మారాకే పని మొదలుపెడతాయి. కాప్టోప్రిల్ పని తక్కువసేపు ఉంటుంది, ఆహారం దాని శోషణను తగ్గిస్తుంది. లిసినోప్రిల్ రోజుకు ఒకసారి, మార్పు చెందకుండా కిడ్నీ ద్వారానే పోతుంది. అన్ని పేర్ల చివరా ‘ప్రిల్’ ఉంటుంది. ఇంతే.

9. కార్డును ఒక రోగి మీద పెట్టి చూడడం

కార్డు పూర్తయిందో లేదో తేల్చేది దాని అందం కాదు, దానిని చూస్తూ ఒక కేసుకు సమాధానం చెప్పగలగడం. ఈ కేసుతో ప్రయత్నించండి.

చంద్రగిరి వైపు నుంచి వచ్చిన అరవై ఏళ్ళ పెద్దాయన అనుకుందాం. రక్తపోటుకు రామిప్రిల్ 5 మిల్లీగ్రాములు, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 మిల్లీగ్రాములు రోజూ వేసుకుంటున్నాడు. మే నెలలో అలిపిరి దారిన 3,550 మెట్లూ ఎక్కాడు. నీళ్ళు సరిగా తాగలేదు. దిగివచ్చాక మోకాళ్ళు పట్టేశాయి. మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాములు రోజుకు మూడు చొప్పున నాలుగు రోజులు వేసుకున్నాడు. ఐదో రోజు ‘ఒంటేలు సరిగా రావడం లేదయ్యా, ఒళ్ళంతా నీరసం’ అంటూ ఓ.పి.కి వచ్చాడు. పాత చీటీలో క్రియాటినిన్ 1.1, ఇప్పుడు 2.0, పొటాషియం 5.8.

కార్డు ముందు వైపు తీసి క3 మీద వేలు పెట్టండి. రామిప్రిల్ వల్ల పోయే గొట్టం ఎప్పటి నుంచో వదులుగా ఉంది, అయినా ఇన్నాళ్ళూ ఇబ్బంది లేదు, ఎందుకంటే వచ్చే గొట్టం తెరిచి ఉంది. చెమట వల్లా, డైయూరెటిక్ వల్లా రక్త పరిమాణం తగ్గింది. అలాంటి సమయంలో వచ్చే గొట్టాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లను డైక్లోఫెనాక్ తీసివేసింది. క్రియాటినిన్ పెరుగుదల 80 శాతం దాటింది, కార్డు వెనుక రాసిన 30 శాతం హద్దుకు ఎంతో పైన ఉంది. పొటాషియం పెరగడానికి క2 ఒక కారణం, వడపోత తగ్గడం మరో కారణం.

ఏం చేస్తారు? డైక్లోఫెనాక్ ఆపుతారు, నీరు తగ్గి ఉంటే సరిచేస్తారు, రామిప్రిల్‌నూ డైయూరెటిక్‌నూ తాత్కాలికంగా నిలిపి, పొటాషియానికి ఈసీజీ తీయించి, క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చూస్తారు. మోకాలి నొప్పికి పారాసిటమాల్ మేలైన దారి. కిడ్నీ కోలుకున్నాక రామిప్రిల్ మళ్ళీ మొదలుపెట్టే అవకాశం ఉంటుంది. ‘రామిప్రిల్ కిడ్నీని పాడు చేసింది, ఇక ఎప్పటికీ వద్దు’ అని మీ కార్డు చెబుతున్నట్లయితే, అందులో ఏదో బాణం తప్పిపోయింది.

10. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

వాక్యం కారణం లేకుండా ఉంది. ‘గర్భిణులకు వద్దు’ అని మాత్రమే రాసి ఉంటే, పక్కన బాణం పేరు పెట్టడానికి ప్రయత్నించండి. పెట్టలేకపోతే మీకు ఇంకా అర్థం కాలేదని గుర్తు, పుస్తకం తెరవాలి.

కార్డు నిండిపోయింది. అంటే తేడాలు క్లాసు కార్డులోకి చొరబడ్డాయి, లేదా ఫిజియాలజీ అంతా మళ్ళీ రాశారు. మొదటిదైతే తోక ముక్కకు పంపండి, రెండోదైతే కొట్టివేయండి.

మోతాదులు నింపారు. క్లాసు కార్డులో మోతాదులకు చోటు లేదు. అవి మందును బట్టి, జబ్బును బట్టి, కిడ్నీ స్థితిని బట్టి మారతాయి. నాలుగేళ్ళ తరువాత పాత కార్డు చూసి మందు రాసే అలవాటు రోగికి ప్రమాదం.

సీనియర్ కార్డుకు జిరాక్స్ తీశారు. సరిచూసుకోవడానికి ఉపయోగించండి, చదవడానికి కాదు. బాణాలు మీరు గీయనిదే అవి మీ చేతికి రావు. పైగా సీనియర్ రాసిన తప్పు కూడా జిరాక్స్‌లో స్పష్టంగానే వస్తుంది.

లెక్చర్‌కూ పుస్తకానికీ తేడా ఉంది. రెండింటినీ పెన్సిల్‌తో రాసి, మరుసటి క్లాసులో అధ్యాపకులను అడగండి. అంకెల్లో తేడా ఉంటే చాలాసార్లు రెండూ సరైనవే అయి ఉంటాయి, దగ్గు శాతం లాగా. దిశలో తేడా ఉంటే, అంటే ఒకరు పెరుగుతుందని, మరొకరు తగ్గుతుందని చెబితే, ఎవరో పొరబడ్డారు; చాలాసార్లు రాసుకున్న మనమే.

11. ఒక బాణాన్ని చెరిపి రెండో కార్డు రాయడం

ఏసీఈ ఇన్‌హిబిటర్ల కార్డు సరిగా కుదిరితే, లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి ఏఆర్‌బీల కార్డును దాదాపు పుస్తకం చూడకుండానే రాయగలగాలి. అవి ఎంజైమును తాకవు. యాంజియోటెన్సిన్ 2 పని చేసే ఏటీ1 రిసెప్టార్‌ను మూస్తాయి. కాబట్టి బాణం చ కొట్టివేయండి. దగ్గు దాదాపు పోతుంది, యాంజియోఎడిమా ఇంకా అరుదవుతుంది. బాణం క నిలుస్తుంది, యాంజియోటెన్సిన్ 2 తగ్గడం కాకపోయినా దాని పని ఆగుతుంది కనుక: పొటాషియం, క్రియాటినిన్, గర్భంలో హాని, స్పైరనోలాక్టోన్‌తోనూ నొప్పి మాత్రలతోనూ ఇంటరాక్షన్లు, అన్నీ అలాగే ఉంటాయి. దగ్గు వచ్చిన రోగికి ఏఆర్‌బీ ఎందుకిస్తారో, గర్భిణికి ఏఆర్‌బీ కూడా ఎందుకివ్వరో ఒకే చెరుపుతో తేలుతుంది. ఇలా రాసిన తరువాత పుస్తకంతో పోల్చి, తేడా వచ్చిన చోట మొదటి కార్డును కూడా సవరించండి.

12. ఈ పద్ధతి ఎక్కడ పని చేయదు

రక్తపోటు, ఉబ్బసం, షుగర్, డైయూరెటిక్‌ల వంటి అధ్యాయాల్లో బాణాలు చక్కగా నడుస్తాయి, ఎందుకంటే అక్కడ మందు మన శరీరంలోని వ్యవస్థనే మారుస్తుంది. యాంటీబయాటిక్‌ల దగ్గర ఇది తడబడుతుంది. జెంటామైసిన్, అమికాసిన్ వంటి అమైనోగ్లైకోసైడ్‌లు బ్యాక్టీరియాలోని 30ఎస్ రైబోజోమ్ మీద పని చేస్తాయి. చెవికీ కిడ్నీకీ వాటి వల్ల వచ్చే హానిని ఆ బాణం నుంచి సూటిగా గీయలేము.

అలాంటి క్లాసులకు కార్డు ముందు వైపును రెండుగా చీల్చండి. పై సగంలో బ్యాక్టీరియాలో జరిగేది రాయండి, దానికి ఉపయోగాలను కట్టండి. కింది సగంలో మందు శరీరంలో ఎక్కడ పేరుకుంటుందో, ఎలా బయటికి పోతుందో రాయండి. అమైనోగ్లైకోసైడ్‌లు కిడ్నీలోని ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ కణాల్లోనూ, లోపలి చెవిలోనూ పేరుకుంటాయి, కిడ్నీ ద్వారానే బయటికి పోతాయి. దుష్ప్రభావాలనూ ఇంటరాక్షన్లనూ ఈ కింది సగానికి కట్టాలి: కిడ్నీ మందగిస్తే మందు ఇంకా పేరుకుంటుంది, మోతాదు సవరించాలి, ఫ్యూరోసెమైడ్‌తో కలిస్తే చెవికి, వాంకోమైసిన్‌తో కలిస్తే కిడ్నీకి ప్రమాదం పెరుగుతుంది.